క్రోధిలో పుట్టిన కొడుకు

కొడుకు అరవై ఏళ్ళ పండుగంటే ఏ తల్లికైనా కడుపు నిండాలి. నర్సింగమ్మకు మాత్రం వారం రోజులుగా ముద్ద గొంతు దిగలేదు. నకిరేకల్‌లో ఇంటి ముందు కొబ్బరాకుల పందిరి వేస్తుంటే, ఆ ఆకులు చూసి ఆమెకు ఏం గుర్తొచ్చిందంటే... వద్దులెండి, శుభమా అని చెప్పుకుంటున్నప్పుడు ఆ మాట నా నోట ఎందుకు? ముసలమ్మ భయపడింది. చాలా భయపడింది.

భయం ఊరికే పుట్టలేదు. తెలుగు సంవత్సరాలకు అరవై పేర్లు. పుట్టిన ఏటి పేరు మళ్ళీ తిరిగొచ్చాక, అదే నెలలో, పుట్టిన నక్షత్రం ఉన్న రోజున షష్టిపూర్తి చేస్తారు. ఆధార్ కార్డు లెక్కన ఆమె కొడుకు గండయ్య పుట్టింది శోభకృతులో. ఇప్పుడు నడుస్తున్నదీ శోభకృతే. మార్గశిర పున్నమి, మృగశిర నక్షత్రం, అన్నీ అచ్చంగా కుదిరాయని పంతులు మురిసిపోయాడు. కన్నతల్లికి కదా తెలిసేది! గండయ్య పుట్టింది ఆ మరుసటి ఏడు, క్రోధిలో. “క్రోధిల పుట్టిండు, వీనికి ముక్కు మీదనే కోపముంటది” అని మామగారు నవ్విన నవ్వు కూడా ఆమెకు గుర్తే. బడిలో వెయ్యబోతే చెయ్యి తల మీదుగా చెవికి అందడం లేదని సారు వెనక్కి పంపుతాడేమోనని, పెనిమిటి వీరయ్య ఒక ఏడు కలిపి రాయించాడు. ఆ కలిపిన ఏడే ఇప్పుడు పీకల మీదికి వచ్చింది.

ఒక ఏడు అటైతేనేం, ఇటైతేనేం అంటారా? వీరయ్యకూ అట్లాగే అన్నారు. చిన్న బిడ్డ పెండ్లికి పందిరి వేశారు కదా, ఒక్క పందిట్లో రెండు పనులు అయిపోతాయని అరవై నిండకముందే ఆయనకు షష్టిపూర్తి చేసేశారు. నెల తిరగలేదు. నేస్తూ మగ్గం గుంటలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. అప్పటి నుంచి నర్సింగమ్మ మనసులో ఒకటే మాట: నిండకముందే నిండిందని మనమే చాటితే, పైవాడు కూడా సరేనంటాడు.

మరి చెప్పొచ్చు కదా? ఎట్లా చెబుతుంది? పసుపు కుంకుమలు పోయిన మనిషి, శుభకార్యానికి ముందు చావు మాట ఎత్తితే నోరు మంచిది కాదంటారు. అయినా ఒకరోజు కోడలు లీలమ్మను పక్కకు పిలిచింది.

“వాడు క్రోధిల పుట్టిండే లీలమ్మా. ఇంకో ఏడాది ఆగరాదు?”

“కార్డుల గట్ల లేదు కద అత్తమ్మా. పిలుపులు గూడ అయిపాయె. జర ఫికర్ చెయ్యకు,” అంది లీలమ్మ, కళ్ళు పక్కకు తిప్పుకుని. 

పండుగ ఖర్చంతా గండయ్య పిల్లలదే. కొడుకు శ్రవణ్ పంతులును, వంటవాళ్ళను మాట్లాడాడు. బిడ్డ స్వర్ణలత అమ్మకు కొత్త పుస్తెలు, మట్టెలు చేయించింది. లీలమ్మ తమ్ముడు నాగేందర్ కేతేపల్లి నుంచి పుట్టింటి తరఫున మధుపర్కాలు తెచ్చాడు. అక్కకు ఒడిబియ్యం పోస్తూ, “బావా, ఈసారన్న మా అక్కను మంచిగ చూస్కో, లేకుంటే పెండ్లి క్యాన్సిల్!” అంటే పందిరంతా నవ్వింది. నర్సింగమ్మ ఒక్కతే నవ్వలేదు. వెనక గోడవారగా కుర్చీలో కూర్చుని చెమటలు తుడుచుకుంటోంది.

గణపతి పూజ అయింది. పంతులు సంకల్పం చెబుతూ “శోభకృత్ నామ సంవత్సరే” అన్నప్పుడు ఆమె గుండె ఒక్కసారి ఆగి కొట్టుకుంది. దేవుని ముందరే అబద్ధమాయె! కలశాలు పెట్టారు, మృత్యుంజయ హోమం చేశారు. ఆ తర్వాత దంపతులను పీటల మీద కూర్చోబెట్టి, తలల మీద జల్లెడ పట్టి, కలశాల నీళ్ళు పోశారు. పిల్లలు, చుట్టాలు ఒకరి తర్వాత ఒకరు పోస్తుంటే గండయ్య చలికి వణికాడు. తల్లి ఆ వణుకు చూసింది. చివరి స్నానం ఇట్లాగే ఉంటుందన్న పాడు ఆలోచన వచ్చి, తన నెత్తి తానే మొత్తుకుంది.

తడి బట్టలు మార్చుకుని, పసుపు అంచు మధుపర్కాలు కట్టుకుని ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. ఇక మిగిలింది పుస్తె కట్టడమే. పళ్ళెంలో కొబ్బరికాయ, అక్షింతలు, వాటి మీద కొత్త పుస్తెలు. నలుగురూ తాకి దీవించాలని స్వర్ణలత పందిరంతా తిప్పుతోంది. గండయ్య చిన్ననాటి దోస్తు షరీఫ్ కూడా తాకి, “సౌ సాల్ జీయో” అని నూరేళ్ళు దీవించాడు. పళ్ళెం నర్సింగమ్మ దాకా వచ్చింది.

“అవ్వా, చెయ్యి పెట్టు,” అంది స్వర్ణలత.

నర్సింగమ్మ చెయ్యి పెట్టింది. పెట్టి, పుస్తెల తాడు పిడికిట్లో బిగించింది.

“ఇయ్య! సంపినా ఇయ్య! నా కొడుక్కి అరవై నిండలే. వాడు క్రోధిల పుట్టిండు. ఇయ్యాల గిది కట్టిండంటే వాళ్ళ నాయిన లెక్కనే పోతడు!”

మేళం ఆగిపోయింది. ఎవరో ముసలమ్మ “అయ్యో, గిదేం మాట, గియ్యాలనా!” అని చెవులు మూసుకుంది. గండయ్య పీటల మీద నుంచి లేచి వచ్చి, కొత్త పంచెతోనే తల్లి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు.

“నాకు ఎరికేనమ్మా,” అన్నాడు మెల్లగా.

“ఏంది ఎరిక?”

“నేను క్రోధిల పుట్టిన్నని. నాయిన చెప్పిండు. ఎరికుండే ఈ ఏడు పెట్టిన.”

“ఎందుకురా? పానం మీద తీపి లేదా నీకు?”

గండయ్య తల వంచుకున్నాడు. లీలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇక దాచి లాభం లేదనుకున్నాడో ఏమో, చెప్పేశాడు. “దసరాకు నువ్వు కండ్లు తిరిగి పడ్డవు కదా. గుండె సగమే పని చేస్తాందన్నడు డాక్టర్. వచ్చే ఏడాది దాక చెప్పలేమన్నడు. నువ్వు లేకుంట నేను ఎవ్వల చేత అక్షింతలు ఏపిచ్చుకోవాలె? నా ఏడు పోతే పోనీ, నువ్వు చూస్తె చాలనుకున్న.”

 ముసలమ్మకు కొడుకును కొట్టాలనిపించింది, చెయ్యి లేచింది, లేచిన చెయ్యి వాడి తడి జుట్టు మీద పడి అక్కడే ఉండిపోయింది.

పంతులు తెలివైనవాడు. గొంతు సవరించుకుని, “ఫికర్ లేదు పెద్దమ్మా. క్రోధి అయితే ఇయ్యాల్టికి యాభై తొమ్మిది నిండి అరవైల పడ్డట్టు. గా అరవయ్యో ఏట అడుగు పెట్టినప్పుడు చేసేది ఉగ్రరథ శాంతి. గండాలు పోవాలని చేస్తరు. సంకల్పం మళ్ళ చెప్పుకొని శాంతి పూర్తి చేద్దాం. పుస్తెలు మాత్రం వచ్చే మార్గశిరంల,” అన్నాడు. శాంతి కోసం మళ్ళీ హోమం వెలిగించారు. నెయ్యి గిన్నెలో గండయ్య నీడ చూసుకుని, ఆ గిన్నెను దానమిచ్చాడు. చుట్టాలు తెచ్చిన చీరలు, పంచెలు, శాలువాలు పెట్టి, కట్నాలు చదివించారు. “వచ్చే ఏడు మళ్ళ పెట్టాల్నా ఏంది?” అని నాగేందర్ గొణిగితే లీలమ్మ కంటితోనే కసిరింది.

నర్సింగమ్మ పిడికిలి ఇంకా విప్పలేదు. ఇన్నాళ్ళూ పెనిమిటి చావు, కొడుకు చావు అంటూ భయపడింది కానీ, తన చావు గురించి ఆమెకు ఎన్నడూ బెంగ లేదు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోతాననేది. ఇప్పుడు మొదటిసారి తన గుండె చప్పుడు తనే చెవి పెట్టి విన్నది. ఆగుతుందేమోనని వణికిపోయింది. మార్గశిరం నుంచి మార్గశిరం దాకా ఎంత దూరం!

పందిట్లో విస్తళ్ళు వేస్తున్నారు. ఆమె గోడ పట్టుకుని లేచి మనవణ్ణి పిలిచింది.

“శ్రవణూ, బండి తియ్యి బిడ్డా. దవాఖానకు తోల్కపో నన్ను.”

“ఏమైందవ్వా? నొస్తాందా?”

“ఏం నొస్తలే. క్రోధి దాక నన్ను బతికియ్యుమని ఆ డాక్టర్ కాళ్ళు పట్టుకుంట.”