తూర్పు వరండా

బాలింత గదిని ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్లను తెచ్చి అందులో మూడు నెలలు పడుకోబెట్టాలి. కోదాడలో మా అమ్మగారింటికి పాపతో రాగానే అమ్మ చేసిన మొదటి పని, ఉన్న ఒక్క కిటికీకి మందపాటి దుప్పటి కట్టి, సందుల్లో గుడ్డపేలికలు దూర్చడం. గాలి సోకకూడదు, ఎవరి కళ్లూ పడకూడదు. మిట్టమధ్యాహ్నం కూడా ఆ గదిలో పాప ముఖం నాకు సరిగ్గా కనిపించేది కాదు. పొద్దుగూకితే మాత్రం ట్యూబ్‌లైటు వెయ్యాల్సిందే, తెల్లారేదాకా ఆర్పడానికి వీల్లేదు. పసిబిడ్డ ఉన్న గది రాత్రి చీకటిగా ఉంటే ఏదో వచ్చి కూర్చుంటుందని అమ్మ భయం. వచ్చి కూర్చున్నది నా నిద్రలేమి ఒక్కటే.

మొదట్లో పాపకు రాత్రీ పగలూ లేవు. కాసేపు పడుకోవడం, లేవడం, పాలు తాగడం, మళ్లీ పడుకోవడం. అందరు పిల్లలూ అంతేనన్నారు, ఓర్చుకున్నాను. రెండో నెల దాటాక కూడా అదే వరస. పైగా పగలంతా ఆ చీకట్లో ఒళ్లెరగకుండా పడుకుని, రాత్రి లైటు కింద కళ్లు విప్పార్చి ఆడుకునేది, ఎత్తుకోకపోతే గుక్కపట్టేది. నాకు నిద్ర లేక పిచ్చి లేచేది. దుప్పటి తీద్దామమ్మా అంటే, "ఎంతమందిని పెంచాను, నాకు తెలవదా? ఊరుకో" అనేది అమ్మ.

మూడో నెలలో పాపనూ నన్నూ సూర్యాపేటలో మా అత్తగారింటికి తీసుకెళ్లారు. అప్పటికి నేను మనిషిలా లేను. నీళ్లు తాగుతూ ఏడ్చేదాన్ని, ఎందుకు ఏడుస్తున్నావంటే మరింత ఏడ్చేదాన్ని. మిర్యాలగూడలో నేను పాఠాలు చెప్పే ప్రైవేటు బడి నుంచి, వస్తారా, వేరే టీచరును పెట్టుకోవాలా అని ఫోన్ల మీద ఫోన్లు. మా ఆయన అదే ఊళ్లో రైసుమిల్లు ఆఫీసులో పని, ఆదివారం వచ్చి ఆదివారమే పోతాడు. నాకున్న ఆశ ఒక్కటే. పాప రాత్రి కాస్త పడుకునేలా అయితే చాలు, దాన్ని నాతోనే మిర్యాలగూడ తీసుకుపోవచ్చు. మా అమ్మ వచ్చి పగలు చూసుకుంటానంది.

అత్తమ్మే నన్ను పిల్లల డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లింది. ఆ డాక్టరమ్మ పాపను అటూ ఇటూ తిప్పి చూసి, బరువు తూచి, బాగానే ఉందంది. రాత్రి ఎట్లా పడుకోబెడతారో, పగలు ఎక్కడ ఉంచుతారో అడిగింది. చెప్పాను.

"ఇగ గట్లయితే అదేం జేస్తదమ్మా?" అంది. "కడుపుల ఉన్నప్పుడు నువ్వు పడుకునే యాళ, లేచే యాళ దానికి అందుతుండె. బయటికొచ్చినంక దాని గడియారం దానికే తయారుకావాలె. పుట్టంగనే ఉండదది. రెండు మూడు నెలల నుంచి మెల్లగ కుదురుకుంటది. పగలేదో రాత్రేదో మెదడుకు చెప్పేది కండ్లల్ల పడే వెలుతురే. మీరు పగలు చీకటి జేసి, రాత్రి లైటేసి, ఉల్టా చెప్పిన్రు."

"మందేమన్న రాయండి మేడం" అన్నాను. నిజంగానే అడుక్కున్నాను.

"దీనికి మందుండదు. పొద్దుగాల లేవంగనే వెలుతురుకు తీస్కపో. ఎండల పెట్టకు, నీడన కూసో, చాలు. పగలు తలుపులు తెరిసి పెట్టు, ఇంట్ల సప్పుడు కానియ్యి. రాత్రి లైటు బంద్. పాలకు లేస్తది, లేవనియ్యి, చీకట్లనే ఇచ్చి పడుకోబెట్టు, ముచ్చట్లు పెట్టకు. వారం, రెండు వారాలు, ఇంకా ఎక్కువైనా పట్టొచ్చు. జర ఓపిక పట్టు."

ఓపిక! ఆ మాటతో పాటు కాస్త నిద్ర కూడా రాసిస్తే బాగుండేది.

అత్తగారింటి ముందు తూర్పు వైపు పొడుగాటి వరండా ఉంది. తెల్లారగానే పాపను ఒళ్లో వేసుకుని అక్కడ కూర్చునేదాన్ని. రాత్రంతా మేలుకున్న కళ్లకు ఆ వెలుతురు కారం కొట్టినట్టుండేది. పాపేమో ఆ వేళకే నిద్రకు తూగేది. పాదాలు నిమిరి, పాట పాడి, తడిగుడ్డతో ముఖం తుడిచి కాసేపు మేలుకునేలా చూసేదాన్ని. వాకిలి ఊడుస్తూ అత్తమ్మ చూసేది. మొదటి వారం పిసరంత మార్పు లేదు. నా బతుకింతేనని తేలిపోయింది. నేను పోతేనే ఈ పిల్ల పడుకుంటుందేమోనని కూడా అనిపించింది. అది పైకి అన్నాను కూడా. అత్తమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, పాలు ఇస్తూ ఇస్తూ కూర్చున్నచోటే నిద్రపోయాను. పాప ఒళ్లోంచి చాప మీదికి జారింది. దెబ్బేమీ తగల్లేదు, కెవ్వుమంది, అంతే. అత్తమ్మ పరుగెత్తుకొచ్చి ఎత్తుకుంది. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నువ్వు మిర్యాలగూడ పో బిడ్డా. నౌకరి సూస్కో, కడుపునిండ పండుకో. పిల్లను నేను సూస్కుంట" అంది. ఆదివారం వచ్చిన మా ఆయన తల ఊపాడు. ఆ తల ఊపడానికే పుట్టాడు మహానుభావుడు. ఎదురు చెప్పే ఓపిక నాలో లేదు. కొన్నాళ్లే కదా అనుకున్నాను.

నేను మిర్యాలగూడ వచ్చేసిన కొన్నాళ్లకే పాప నిద్ర గాడిన పడింది. చీకటి పడగానే పడుకుంటుందట, మధ్యలో లేచి పాలు తాగి మళ్లీ పడుకుంటుందట, తెల్లారేసరికి నవ్వుతూ లేస్తుందట. నేను కూర్చున్న చోటే అత్తమ్మ రోజూ దాన్ని కూర్చోబెట్టుకుంటోంది. దుక్కి దున్నింది నేను, పంట ఇంటికొచ్చే వేళకు నేను లేను. ఇక్కడ నా పాలు ఇంకిపోయాయి. ఫోన్‌లో ఆ కబురు విని సంతోషపడ్డానో కుళ్లుకున్నానో చెప్పలేను. రెండూ.

మా కిరాయి ఇల్లు వరస పోర్షన్లలో నడిమిది, పగలు కూడా లైటు వెయ్యాలి. అందుకని వెలుతురొచ్చే ఇంటి కోసం నెల రోజులకు పైగా వీధులన్నీ తిరిగాను. తూర్పు వాకిలి అనగానే బ్రోకరు వాస్తు గురించి మొదలుపెట్టాడు. నీ వాస్తు తగలెయ్య, నా బిడ్డకు పొద్దున వెలుతురు కావాలయ్యా అన్నాను. ఎలాగో దొరికింది. సామాను మార్చి, అమ్మకు చెప్పి, ఆదివారం దాకా ఆగకుండా శనివారం సాయంత్రమే సూర్యాపేట బస్సెక్కాను.

సంగతి చెప్పగానే అత్తమ్మ ముఖం మాడింది.

"ఇప్పుడిప్పుడే కుదురుకున్నది పిల్ల. జాగ మారిస్తే మల్ల మొదటికొస్తది. నీకు మల్ల నిద్రలుండయ్. ఆనాడేమన్నవో యాదిలేదా?"

"మా అమ్మ ఉంటది అత్తమ్మా."

"మీ అమ్మనా? మల్ల కిటికీకి దుప్పటి కడతది! ఇంకో రెండు నెలలు పోనీ."

తెల్లారి మళ్లీ అడుగుదామని, పాప పక్కనే పడుకున్నాను. పక్కన అత్తమ్మ మంచం. రాత్రి పాప ఒక్కసారే లేచింది, అత్తమ్మే పాలసీసా పట్టింది. వెలుతురు రాగానే కళ్లు తెరిచింది. ఎదురుగా నేనే ఉన్నాను. చూసి నవ్వలేదు, ఏడవలేదు. ఎత్తుకుని వరండాలోకి తెచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను, పాత పాటే పాడాను. అది నా భుజం మీదుగా తలుపు వైపే చూస్తోంది. అత్తమ్మ కనబడగానే ఒళ్లంతా ఊపుతూ కేరింతలు కొట్టింది. ఇవ్వకుండా పట్టుకుంటే ఏడుపు లంకించుకుంది. ఇచ్చాను. టక్కున ఆగింది.

మధ్యాహ్నం బస్సుకు ఒక్కదాన్నే వచ్చేశాను. తెల్లారితే ఎవరి కోసం చూడాలో నా బిడ్డకు తెలిసిపోయింది. అది నేను కాదు.