వెంకటనరసమ్మ గారు నోరు కట్టుకున్న సోమవారం

మండవల్లిలో వెంకటనరసమ్మ గారి నోట్లో నువ్వుగింజ నానదని పసిపిల్లలకు కూడా తెలుసు. మంచి మనిషే, కాదన్నవాళ్ళ కళ్ళు పోతాయి. కానీ ఎదుటివాళ్ళు మాట మొదలుపెడితే చాలు, మిగతా సగం ఆవిడే పూర్తి చేసేస్తుంది. కైకలూరు బస్సు ఎన్నింటికని అడగబోయినవాడికి టైము చెప్పి, వాడెందుకు వెళ్తున్నాడో కూడా తానే చెప్పి పంపుతుంది.

ఆవిడ భర్త బుచ్చిబాబు గారు. చేపల చెరువు, దాని గట్టు, అంతకు మించి ఆయనకు లోకం లేదని ఊరివాళ్ళ నమ్మకం. రెండువేల నాలుగు చలికాలంలో దొంగల భయమని చెప్పి ఆయన మంచాన్ని చెరువు మీది పాకకు మార్చేశారు. ఇంటికి వచ్చేది రెండు పూటలా భోజనానికే. ఇన్నేళ్ళు కాపురం చేశాక తనకంటే బొచ్చె చేపలు ముద్దొచ్చాయా అని వెంకటనరసమ్మ గారికి ఏడుపొచ్చింది. ఆయన్ని మళ్ళీ ఇంటికి తెచ్చుకోవాలి, అంతే. ఇంకో కోరిక లేదు.

తాడేపల్లిగూడెంలో ఓ పెళ్ళికి వెళ్ళినప్పుడు ఈ గోడంతా కనకరత్నం టీచరు గారికి వెళ్ళబోసుకుంది. రిటైరైన టీచరమ్మ, ఏళ్ళుగా సోమవారాలు మౌనవ్రతం పడుతోంది. అంతా విని, ‘మీరూ ఒక సోమవారం పట్టి చూడండి’ అందావిడ.

పట్టింది మన మహాతల్లి. ఎవరికీ చెప్పకుండా పట్టింది. భోజనం దగ్గర బుచ్చిబాబు గారు మజ్జిగ అడిగితే గరిటెతో కుండ చూపించింది. పచ్చడి అడిగితే కళ్ళు ఉరిమింది. పళ్ళెం ఠంగుమని పెట్టింది. ఏదో పెద్ద కోపమే వచ్చిందనుకుని ఆయన సగం అన్నం వదిలేసి పాకకు పరుగు తీశారు. ఆ రోజు రాత్రి భోజనానికి కూడా రాలేదు.

ఫోనులో టీచరు గారు నవ్వి నవ్వి చెప్పింది. “అది మౌనం కాదండీ, అలక. ఇంట్లోవాళ్ళకి ముందుగా చెప్పి మొదలెట్టాలి. సైగలూ వద్దు, పలక మీద రాయడాలూ వద్దు. చేతులతో మాట్లాడితే నోరు మూసి ఏం లాభం?”

మరుసటి సోమవారం ముందుగానే ఆయనకు చెప్పింది. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా మాట్లాడననీ, కోపమేమీ లేదనీ, ఆయన్ని మాత్రం మామూలుగా ఉండమనీ. టీవీ కూడా కట్టేసింది.

పొద్దుటిపూట నరకమే. నోరు మూసేసరికి లోపల సంత మొదలైంది. పక్కింటి సలోమికి చెప్పాల్సినవి, పాలవాణ్ణి తిట్టాల్సినవి, ఎప్పుడో ఆడపడుచుకు ఇవ్వకుండా మిగిలిపోయిన జవాబు, అన్నీ ఒక్కసారే ఎగబడ్డాయి. వాటితో దెబ్బలాడొద్దు, తరమొద్దు, ఊపిరి మీద ధ్యాస పెట్టుకుని చూస్తూ ఊరుకోమని టీచరు గారు ముందే హెచ్చరించింది. మధ్యాహ్నానికి సంత పలచబడింది. మాట పుట్టేముందు గొంతులో చిన్న కదలిక వస్తుందని మొదటిసారి తెలిసింది. అక్కడ ఒక్క క్షణం ఆగి చూస్తే, ఆ మాట అక్కర్లేనిదని పదింట తొమ్మిదిసార్లు తేలిపోయేది. ఇన్నాళ్ళూ ఇంత చెత్త మోశానా అని ఆవిడకే నవ్వొచ్చింది.

సాయంత్రం బుచ్చిబాబు గారు పెందలాడే వచ్చి అరుగు మీద కూర్చున్నారు. కాసేపు చేపల మేతకు తెచ్చిన తవుడు సంచుల గురించి చెప్పారు. అడ్డం తగిలే మాట లేదు. ఇంకాస్త చెప్పారు. చిన్నప్పుడు గూడబాతుల్ని చూద్దామని ఒక్కడే తాటిదోనె వేసుకుని కొల్లేట్లోకి వెళ్ళడం, మంచు కమ్మేయడం, కిక్కిస గడ్డిలో దారి తప్పడం. అయ్యో, ఆయనకు ఇంత బాగా చెప్పడం వచ్చా! చేతులు తెడ్డేస్తున్నాయి, గొంతు గాలిలా ఊళవేస్తోంది.

అక్కడ ఆగి భార్య వైపు చూశారు.

“కాపురానికొచ్చిన కొత్తలో నీకిది చెప్పబోయాను. ‘మీ నాన్నగారొచ్చి తీసుకెళ్ళుంటారులెండి’ అని నువ్వే ముగించేశావు. మా నాన్న రాలేదు నరసమ్మా.”

వెంకటనరసమ్మ గారి గొంతులో ఆ కదలిక ఉవ్వెత్తున లేచింది. రాకపోతే మరెవరొచ్చారు? ఎలా బయటపడ్డారు? ఇన్నేళ్ళూ ఈ మనిషి చెప్పాలనుకున్నవి ఇంకెన్ని కథలు తాను నోట్లోనే తుంచేసింది? కళ్ళు చెమర్చాయి. తల కూడా ఊపలేదు. సూర్యుడు చూస్తే తాటిచెట్ల మీద కదలనంటూ కూర్చున్నాడు. ఆయన మాత్రం మిగతా కథ చెప్పకుండా చిద్విలాసంగా చుట్ట వెలిగించుకున్నారు.

ఎట్టకేలకు పొద్దు గూకింది. దీపం పెట్టి వచ్చి ఆవిడ ఆయన పక్కన కూర్చుంది. చెప్పాలనుకున్న సంజాయిషీలు, తిట్లు, ఇంటికి రమ్మని బతిమాలడం, అన్నీ నాలిక చివర వరసలో నిలబడ్డాయి. వాటన్నిటినీ పక్కకు నెట్టేసింది.

“ఆ తర్వాత ఏమైందండీ?” అంది.

బుచ్చిబాబు గారు చుట్ట ఆర్పేసి, కాళ్ళు మడుచుకుని అరుగు మీద సర్దుకుని కూర్చున్నారు. చెరువు కాపలాకు ఆ పూట పాలేరు తాతారావును వెళ్ళమన్నారు.