నిలబడ్డ ఫ్యానుకు ‘నిలవడు’ అని చెప్పడం

ముందు కత్తెరల సంగతి చెప్పాలి. బాన్సువాడలో మా ఇంటి ముందు గదిలో మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆరుగురు ఆడవాళ్లు, అమ్మతో కలిపి, చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవారు. సాయంత్రం ఎవరి ఆకు, ఎవరి తంబాకు వాళ్లు మూట కట్టుకుని వెళ్లేవారు గానీ, తునికాకు కత్తిరించే కత్తెరలు మాత్రం మా కిటికీలోనే వదిలేసేవారు. రేపు మళ్లీ ఇక్కడికే కదా వచ్చేది! నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ కిటికీలో ఆరు కత్తెరలు ఉన్నాయి.

అమ్మకు మోకాలి ఆపరేషన్ అయిన నెలకు అవి ఐదయ్యాయి. ఆ గుంపుకు పెద్ద దిక్కయిన అవ్వ తన కత్తెరను కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. ఆమె పుట్టిల్లు బిచ్కుంద అవతల, మరాఠీ కలిపి మాట్లాడుతుంది, గొంతు విప్పితే వీధి చివరి దాకా వినబడుతుంది. అలాంటి మనిషి ఆ సాయంత్రం ఏమీ మాట్లాడకుండా వెళ్లింది.

“అవ్వ కత్తెర తీస్కపోయింది బిడ్డా,” అంది అమ్మ. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతు ఇప్పటికీ నాకు గుర్తుంది. 

కారణం ఫ్యాను. ఎండాకాలం ఫ్యాను లేకుండా కూర్చోలేరు. కానీ చాటలో కొత్తగా తంబాకు పోసుకునేటప్పుడు ఫ్యాను తిరిగితే అది గదంతా లేచి అందరూ తుమ్ముతారు. అందుకని ఆపాలి, మళ్లీ వేయాలి, మళ్లీ ఆపాలి. స్విచ్చు తలుపు పక్కన. లేచేది ఎప్పుడూ అమ్మే. డాక్టర్ మాటిమాటికీ లేవొద్దన్నాడు, అయినా ఆమె వినదు. ఇంకొకరు లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెడుతుంది.

“నా ఇంటికొచ్చినోళ్లను నేను లేపుడేంది? లోకం ఏమంటది?” 

ఆ మోకాలిని చూడలేకే వాళ్లు వచ్చే సోమవారం నుంచి పక్కింటి అక్క ఇంట్లో కూర్చోవాలని మాట్లాడుకున్నారు. అప్పటిదాకా ఇక్కడికే వస్తారు, అవ్వ మాత్రం కత్తెరను ముందే సర్దుకుంది. పక్కింటి అక్కా ఆ ఆరుగురిలో ఒకరే, బీర్కూర్ ఆడపడుచు, మా అమ్మ అంటే ప్రాణం. అమ్మను కూడా రమ్మన్నారు. కానీ ఆ ఇంటికి ఐదు మెట్లున్నాయి. ఐదు మెట్లు ఎక్కలేని అమ్మ మా ముందు గదిలో ఒంటరిగా కూర్చుని, గోడ అవతల నుంచి వాళ్ల నవ్వులు వింటూ బీడీలు చుట్టాలి. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియని కోపం.

నేను కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్తాను. పిల్లలకు ఆ ఏడాది చూపించిన ప్రాజెక్టు ఇదే: వేలెడంత మైక్రోకంట్రోలర్ బోర్డుకు, అంటే ఒక బుల్లి కంప్యూటర్‌కు, నాలుగు మాటలు గుర్తుపట్టడం నేర్పడం. రిమోట్ ఉన్న ఫ్యాను కొనొచ్చు కదా అంటారేమో. కొన్నాం. తంబాకు పొడి పట్టి వారంలో మీటలు బిగుసుకుపోయాయి. మాట వింటే పనిచేసే, నెట్ మీద నడిచే స్పీకర్ పెట్టెలకు మా ఇంట్లో సిగ్నల్ అందదు, అందినా మా అవ్వ భాష వాటికి అందదు. మా బోర్డుకు నెట్ అక్కర్లేదు. అది మైకులో పడ్డ శబ్దాన్ని సెకండు ముక్కలుగా తీసుకుని, ఏ క్షణంలో ఏ స్వరం ఎంత బలంగా ఉందో చూపే చిన్న బొమ్మగా మారుస్తుంది. ఆ బొమ్మను చూసి ఇది ఫలానా మాట అని చెప్పే మోడల్‌ను కంప్యూటర్‌లో తయారు చేసి, అందులోని అంకెలన్నిటినీ కుదించి బోర్డులోకి ఎక్కించాలి. ఫోనులో తీసిన ఒక్క ఫోటో కన్నా చాలా చిన్నది ఆ మోడల్.

“సోమవారం దాక ఆగుండ్రి. ఫ్యానుకు చెవులు పెడ్త,” అన్నాను అందరి ముందూ గొప్పగా. అలా నోరు జారడం నాకు అలవాటే.

మాటలు వాళ్లే ఎంచుకున్నారు. ఫ్యానుకు ‘తిరుగు’, ఆపడానికి ‘నిలవడు’, అంటే నిలబడు. లైటుకు ‘ఎలుగు’. లైటు ఆపడానికి నేను ‘ఆరిపో’ అని పెడితే అందరూ ఒక్కసారే కయ్యిమన్నారు. 

“దీపం వెట్టినంక ఇంట్ల ఆ మాట అంటరా ఎవరన్న? సదువుకున్నవ్ గదనే!” అంది అవ్వ.

“మరి ఏమనాలె?” 

“పండుకో అను. మంచిగుంటది.” 

అలా లైటుకు ‘పండుకో’ ఖాయమైంది. 

ఇక రికార్డింగు. ఒక్కొక్కరు ఒక్కో మాటను నలభై సార్లు చెప్పాలి. దగ్గర నుంచి కొన్ని, దూరం నుంచి కొన్ని, విసుగ్గా కొన్ని. విసుగ్గా చెప్పమని అడగాల్సిన పని పడలేదు. అమ్మ మెత్తగా చెప్పింది, అక్క నవ్వు ఆపుకోలేక చెప్పింది. అవ్వ దగ్గర మాత్రం బండి ఆగింది. ఫ్యాను ఆపి ఉంది. ‘నిలవడు’ అనమన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. 

“నిలవడ్డదాన్ని నిలవడు అంటె ఏమన్న అర్థమున్నదా? నాకేమన్న పిచ్చా?” 

“అవ్వా, ఉత్తగ అనరాదే. మిషిన్ కోసం.” 

“తిరగనియ్యి, అప్పుడంట.” 

మిగతావాళ్లకూ అది న్యాయంగానే తోచింది. ఎంత బతిమాలినా వినలేదు. చివరికి నేనే దిగివచ్చి, అందరి చేతా ఫ్యాను వేసి ‘నిలవడు’ చెప్పించుకున్నాను, ఫ్యాను ఆపి ‘తిరుగు’ చెప్పించుకున్నాను. పని అయిపోతే చాలనుకున్నాను. లైటు మాటలకు ఈ గొడవ లేదు, ఫ్యాను ఎలా ఉంటే అలా చెప్పేశారు. ఈ నాలుగూ కాని మాటలు కొన్ని, ఉత్త చప్పుళ్లు కొన్ని కూడా మోడల్‌కు వినిపించాలి, లేకపోతే ప్రతి అలికిడినీ మాటే అనుకుంటుంది. అవన్నీ కాలేజీ ల్యాబ్‌లో, ఫ్యాను ఆపి, నిశ్శబ్దంగా రికార్డు చేసుకున్నాను.

మోడల్ అద్భుతంగా వచ్చింది. మోడల్‌కు వినిపించకుండా పక్కన దాచిపెట్టిన రికార్డింగులతో పరీక్షిస్తే వందలో మూడో నాలుగో తప్పులు. ఆ రోజు నా నడకే మారిపోయింది, అమ్మ కూడా గమనించింది.

శుక్రవారం మధ్యాహ్నం మెయిన్ ఆపి, ఫ్యాను, లైటు తీగలను బోర్డు చెప్పినట్టు నడిచే రిలే స్విచ్చులకు కలిపాను. అందరూ చాటలతో కూర్చున్నారు. మొదటి మాట అమ్మదే కావాలన్నారు. 

“తిరుగు,” అంది అమ్మ, కొత్త కోడలితో మాట్లాడినట్టు. 

టక్ మంది రిలే. ఫ్యాను కదిలింది. చప్పట్లు! ఫ్యాను వేగం అందుకుంది, గాలి తగిలింది, చప్పుడు పెరిగింది. మళ్లీ టక్. ఆగిపోయింది. ఎవరూ ‘నిలవడు’ అనలేదు. అమ్మ మళ్లీ ‘తిరుగు’ అంది. తిరిగింది, జోరందుకుంది, ఆగింది. ఐదుసార్లు అదే తంతు.

“సిగ్గువడ్తుందే! పెండ్లిచూపులకు గూసున్నట్టు జేస్తుంది,” అంది అక్క. 

అందరూ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. నేనూ నవ్వాననుకుంటారేమో, లేదు. మెయిన్ ఆపి, తీగలను మళ్లీ పాత స్విచ్చులకే కలిపేసి లోపలికి వెళ్లిపోయాను. అమ్మ లేచి తలుపు దాకా నడిచి స్విచ్చు వేసిన చప్పుడు నాకు వినబడింది. అది విన్నాక సిగ్గుతో పాటు ఏడుపు కూడా వచ్చింది.

మర్నాడు పొద్దున అమ్మ కుర్చీ పక్కనే కూర్చుని రికార్డింగులన్నీ ఒక్కొక్కటీ పెట్టి వింటున్నాను. తప్పు ఎక్కడో కోడులో ఉందని నా నమ్మకం. అమ్మ ఆకులు కత్తిరిస్తూ వింటోంది. కాసేపటికి కత్తెర ఆపింది. 

“బిడ్డా, నిలవడు అన్నప్పుడల్ల ఎనుక ఫ్యాను గరగర ఇనొస్తుంది. తిరుగు అన్నప్పుడు అసలు సప్పుడే లేదు. గది మాట ఇంటుందా, గరగర ఇంటుందా?” 

అంతే మరి! మోడల్ దృష్టిలో ఫ్యాను హోరే ‘నిలవడు’. మాటను విని నేర్చుకోవడం కష్టం, హోరును పట్టుకోవడం తేలిక. తేలికైనదే పట్టుకుంది. నేను పరీక్షకు దాచిన రికార్డింగుల్లో కూడా అదే హోరు ఉంది కాబట్టి అన్నీ సరిగ్గానే చెప్పింది. పిల్లలకు ఇదే పాఠం నల్లబల్ల మీద రాసి చెప్పినదాన్ని, అవ్వతో వాదించే ఓపిక లేక వదిలేశాను. తప్పు అవ్వది కాదు, అలసిపోయి సరేనన్న నాది.

మళ్లీ రికార్డు చేయాలి, అదీ ఆ ఒక్క మధ్యాహ్నంలోనే; మోడల్ తయారీకి ఆదివారం కావాలి. ఆగి ఉన్న ఫ్యానుకు ‘నిలవడు’, తిరుగుతున్న ఫ్యానుకు ‘తిరుగు’. అది కాక ఫ్యాను హోరు ఒక్కటే, కత్తెరల చప్పుడు, హోరులో వాళ్ల ముచ్చట్లు, అన్నీ కావాలి. అవ్వ మళ్లీ మొండికేసింది. ఈసారి అమ్మ అందుకుంది. 

“ఏందవ్వా, కూసున్న మీ ఆయనను కూసో అని నువ్వు రోజు అన్లేదా? లేవకముందే అనేటిదానివి.” 

గది ఘొల్లుమంది. అవ్వ మూతి ముడిచి, ఆ వెంటనే తనూ పకపకా నవ్వేసింది. 

“అవునే, లేస్తే చాయ్ అడుగుతుండెనని అంటుంటి.” 

ఆపి ఉన్న ఫ్యాను వైపు తలెత్తి, పాత అలవాటు కొద్దీ వేలు చూపిస్తూ, నలభై సార్లు ‘నిలవడు’ అంది. ఒక్కసారి కూడా తడబడలేదు.

ఆదివారం సాయంత్రానికి కొత్త మోడల్ బోర్డులోకి ఎక్కింది, తీగలు మళ్లీ రిలేలకు కలిశాయి. ఒక్క ముక్క విని తొందరపడకుండా, సెకండులో నాలుగైదు సార్లు విని, వరుసగా ఒకే మాట అనిపిస్తేనే రిలే కదిలేలా కూడా మార్చాను. అమ్మ చేత రెండుసార్లు పరీక్ష చేయించాను, చాలు. ఈసారి ఎవరికీ గొప్పలు చెప్పలేదు.

సోమవారం పక్కింటికి వెళ్లాల్సినవాళ్లు ముందు మా ఇంటికే వచ్చారు, తమాషా చూసి పోదామని. అమ్మ ‘తిరుగు’ అంది. ఫ్యాను తిరిగింది, జోరందుకుంది, తిరుగుతూనే ఉంది. అందరూ పైకి చూస్తూ కూర్చున్నారు. బీర్కూర్ బస్సు సంగతో, ఎవరింట్లోనో పెళ్లి సంగతో మాట్లాడుకున్నారు. అయినా ఆగలేదు. ఇగ తంబాకు పోసుకోవాలని అవ్వ మూట విప్పింది. 

“నిలవడు,” అంది మామూలుగా. 

వినలేదు. నేను బోర్డు వైపు తిరిగాను. 

“నిలవడూ!” అని ఈసారి తన మొగుడికి చెప్పినట్టు చెప్పింది. టక్. రెక్కలు నెమ్మదించి ఆగాయి. తంబాకు చాటలో పడింది, ఒక్క తుమ్ము లేదు.

ఆ మధ్యాహ్నం అమ్మ ఒక్కసారీ లేవలేదు. పక్కింటికి పోయే మాట ఎవరూ ఎత్తలేదు. పొద్దుమూకాక అందరూ మూటలు కట్టుకున్నారు. అమ్మ ‘ఎలుగు’ అని లైటు వెలిగించి, వాళ్లను వాకిలి దాకా సాగనంపబోతే అక్క భుజం పట్టి కూర్చోబెట్టింది, అమ్మ కూర్చుంది. నేను కిటికీ వైపు చూస్తున్నాను. ఐదు కత్తెరలు ఉన్నాయి. అవ్వ గడప దాటింది, ఆగింది, వెనక్కి వచ్చి కొంగు ముడి విప్పింది. 

“దీన్ని మోసుకపోవుడు ఎందుకు, రేపు రావాలె గద,” అంటూ తన కత్తెరను ఆ ఐదింటి పక్కన పెట్టి వెళ్లిపోయింది.