సేరు మీద అమ్మ తాళం

అమ్మ పోయి ఏడాది నిండబోయే రోజులవి. సంవత్సరీకం నాడు ఆమె పాట అందరికీ వినిపించాలని నా పట్టుదల. విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తూ, గింజలు కొలిచే ఖాళీ సేరును బోర్లించి అంచు మీద తాళం కొడుతూ పాడిన పాట ఒక్కటే క్యాసెట్లో మిగిలింది. ఆమె ఆ పాట పాడింది కరువు ఏడు. కరెంటు లేదు. ఎండలో పెట్టి మళ్లీ వాడే పాత బ్యాటరీ సెల్లులతోనే టేప్‌రికార్డరు నడిపి రికార్డు చేశాను.

ఆ క్యాసెట్ పెడితే చాలు, మా నాయన లేచి బయటికి పోయేవాడు. బాధతో పోతున్నాడనుకున్నాను.

సంవత్సరీకం నాటికి నాది ఇంజనీరింగ్ చివరి ఏడు. పాట ఇస్తే దాని వేగం, శ్రుతి కంప్యూటరే కనిపెట్టాలి, అదీ నా ప్రాజెక్టు. పావగడ బస్టాండు పక్కన కంప్యూటర్ సెంటర్లో అమ్మ పాటనే ఇచ్చాను. నిమిషానికి నూట అరవై ఎనిమిది దెబ్బలంది! చెక్కభజన కూడా అంత జోరుగా సాగదు కదా. తీరా చూస్తే అమ్మ తాళంలో ఒక్కో అడుగుకు సేరును రెండుసార్లు తట్టేది. చప్పుడు ఎగసిన ప్రతిచోటా ప్రోగ్రామ్ లెక్కపెట్టింది. ఏది అడుగో, ఏది నడుమ తట్టో దానికేం తెలుసు? సగం చేస్తే ఎనభై నాలుగు, మొదటి నుంచి చివరిదాకా.

శ్రుతి దగ్గర నాకు తిక్క రేగింది. పన్నెండు స్వరాల్లో ఏది ఎంత మోగిందో కూడి శ్రుతి తేల్చే ప్రోగ్రామ్, పాట మొదట్లో ఒకటి, చివర్లో ఒక మెట్టు పైది చెప్పింది. అమ్మ శ్రుతి తప్పడమా! ఇంటికెళ్లి నాయన దగ్గర విసుక్కున్నాను.

"అది మీయమ్మ గొంతు కాదప్పా," అన్నాడు నాయన. "ఎవురో పడుచుపిల్ల గొంతు. అందుకే నేను ఈడ కూర్చోను."

ఛీ, నా బుద్ధి! సెల్లులు నీరసించి, రికార్డు చేసేటప్పుడు టేపు రానురాను మెల్లగా తిరిగింది. కరెంటు మీద వేస్తే మామూలు వేగంతో తిరిగి, పాట జోరెక్కి గొంతు సన్నబడింది. ప్రోగ్రామ్ క్యాసెట్లో ఉన్నదే చెప్పింది.

ఎంత తగ్గించాలి? అమ్మ తాళం కొట్టిన సేరునే అటక మీంచి దింపి పావగడకు పట్టుకుపోయాం. నాయన దాన్ని బోర్లించి తట్టాడు. ఆ మోతతో పోలిస్తే క్యాసెట్లోని సేరు మొదట్లో రెండు మెట్లు, చివర్లో మూడు మెట్లు పైన మోగుతోంది. ఆ మేరకు టేపు వేగం తగ్గించాను. శ్రుతి ఒక్కటే అయింది. వేగం మాత్రం డెబ్బై ఐదుతో మొదలై డెబ్బై ఒకటికి దిగింది. పాడుతూ పాడుతూ అమ్మ నెమ్మదించింది. టేపు జోరు దాన్ని ఇన్నాళ్లూ కప్పేసింది.

పాట పెట్టాను. నాయన కదల్లేదు. చివరి చరణాల మధ్య అమ్మ ఊపిరి కోసం ఆగడం వినిపించింది.

"అప్పటికే ఆయాసం ఉండాది దానికి," అన్నాడు సేరు ఒళ్లో పెట్టుకొని. "నేను పక్కనే కూర్చోని కాయలు ఒలిసినాను. ఇంకో పాట పాడమని కూడా అడిగినాను."