తల, లత, పలక, కలప

నిన్న అశోక్ నగర్‌లో దుకాణం బోర్డు మీద ‘కలప’ అని చూడగానే, నా నోరు దాన్ని వెనక నుంచి ‘పలక’ అని చదివింది.

నా చిన్నప్పుడు ఒక శనివారం, సాయంత్రం నాలుగుంబావుకు, చిక్కడపల్లి ఇంటి పెరట్లో అన్నయ్యను పాము కరిచింది. నాన్న రిక్షా కోసం నారాయణగూడ వైపు పరుగెత్తాడు.

"నిద్రపోతే విషం ఎక్కుతది. మాట్లాడిపియ్యి బిడ్డా!" అంది అమ్మ.

అక్షరాలను వెనక నుంచి చదివితే ఇంకో మాట రావాలి. అది మా ఆట.

"తల!" అన్నాను అన్నయ్యతో.

"లత."

"పలక!"

"కలప."

"తాత!"

"తిప్పినా తాతనే. చెల్లదు."

"పడక!"

చాలాసేపటికి "కడప" అన్నాడు.

నాకు మాటలు అయిపోయాయి. ఏడుస్తూ "గోడ" అన్నాను.

"డగో? గది మాట గాదే, పిచ్చిదాన," అని కళ్లు మూసుకున్నాడు.

రిక్షా అయిదున్నరకు వచ్చింది. నిద్ర ఆపితే విషం ఆగదని పెద్దయ్యాక తెలిసింది.

పోయినవి గంటంబావు సమయం, పదకొండేళ్ల అన్నయ్య.