నెగెటివ్‌లో నల్లగా కనిపించే మచ్చ

మానవ నాగరికత రాతియుగం దాటింది, లోహయుగం దాటింది. ఆ తర్వాత టచప్ యుగం కూడా ఒకటి వచ్చింది గానీ, పండితులు దాన్ని ఎందుకో పుస్తకాలకెక్కించడం మరిచిపోయారు. బస్టాండు వెనక వీధిలో, ఒక ఇరుకు ఫోటో స్టూడియోలో ఆ యుగపు చక్రవర్తి కొలువుండేవాడు. ఎవరు ఫోటో దిగినా సరే, వాళ్ల ముఖాన్ని కంప్యూటర్లో కిటికీ అంత చేసి, కనిపించిన మచ్చనల్లా మౌస్‌తో తుడిచి, ఆ తర్వాతే ప్రింటు తీయడం ఆయన అలవాటు. అడిగినా తుడిచేవాడు, అడక్కపోయినా తుడిచేవాడు. ఒకసారి ఒక పెద్దమనిషి బుగ్గమీది పుట్టుమచ్చ ఇలాగే అంతర్ధానమైతే, ఫోటోలో ఉన్నది వేరే ఎవరో అని ఆఫీసువాళ్లు దరఖాస్తు తిప్పి పంపారు. ఆ పెద్దమనిషి వచ్చి నానా మాటలూ అన్నాడు. చక్రవర్తి చలించలేదు.

"మనిషి బాగున్నాడా లేదా, అది చెప్పండి ముందు" అన్నాడు.

వీధి వీధంతా ఆయన్ని టచప్ మావయ్య అని పిలిచేది. భార్య మాత్రం ఏమండీ అనేది. వరసకు ఎవరూ కానివాళ్లంతా మావయ్యా అని పిలుస్తుంటే, ఎప్పుడో ఒకప్పుడు వాళ్లందరికీ పిల్లనివ్వాల్సి వస్తుందని ఆమె వెక్కిరించేది.

ఈ రాచరికం వంశపారంపర్యం. కంప్యూటర్లు రాకముందు తండ్రి ఇదే పని నెగెటివ్ మీద చేసేవాడు. నెగెటివ్‌లో లోకం తలకిందులు: నల్లజుట్టు తెల్లగా, తెల్లచొక్కా నల్లగా ఉంటుంది. ఒంటిమీది తెల్లమచ్చ అందులో నల్లగా పడుతుంది. ఆ నలుపును సన్నటి బ్లేడుతో, ఊపిరి బిగబట్టి, పొడిపొడిగా గీకితే ప్రింటులో మచ్చ మాయమౌతుంది. తండ్రి అలా ఎక్కువగా గీకింది సొంత చెల్లెల్నే. టచప్ మావయ్యకు ఆమె మేనత్త. ఆమె ముఖంమీదా చేతులమీదా పాలిపోయిన మచ్చలుండేవి. ఇంట్లో అందరూ బొల్లి అనేవారు. అని, ఆమె గ్లాసు విడిగా పెట్టేవారు. కుటుంబమంతా కలిసి దిగిన ఫోటోలు గోడనిండా ఉన్నాయి, అన్నిటిలోనూ మేనత్త చర్మం నున్నగా, ఒకే రంగులో, బొమ్మకు పూసిన రంగులా ఉంటుంది. ఒక మధ్యాహ్నం ఆమె స్టూడియోకి వచ్చి, "అన్నయ్యా, నాదొక ఫోటో ఉన్నదున్నట్టు తియ్యరా, నేనెలా ఉంటానో నాకే తెలియట్లేదు" అనడం చిన్నప్పుడు టచప్ మావయ్య విన్నాడు. తండ్రి నవ్వి, తీశాడు. తీసి, గీకాడు.

మేనత్త పోయి చాలా ఏళ్లయింది. ఆమె నెగెటివ్‌లు మాత్రం పాత డార్క్‌రూములో ఒక రేకుపెట్టెలో ఉండిపోయాయి.

కొత్త లైటు పరీక్షించడానికి ఒకరోజు ఆయన తన చేతినే ఫోటో తీసుకున్నాడు. తెరమీద పెద్దది చేసి చూస్తే, మోచేతికి దిగువన ఒక పాలిపోయిన మచ్చ. అరచేతిలో సగం ఉంటుంది. చొక్కా మడిచి చెయ్యి చూసుకున్నాడు. ఉంది. ఎప్పట్నుంచి ఉందో తెలియదు. ఊరందరి చర్మం కిటికీ అంత చేసి చూసినవాడు తన చర్మం వైపు చూసి ఎన్నేళ్లయిందో.

ఆ సాయంత్రం నుంచి ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు మొదలయ్యాయి.

మర్నాడు డార్క్‌రూములోకి వెళ్లి రేకుపెట్టె తెరిచాడు. ఒక నెగెటివ్ తీసి తెరిచిన తలుపు వెలుతురుకు పట్టుకున్నాడు. తెల్లటి కనుపాపలతో మేనత్త ఆయన వైపే చూసింది. బుగ్గమీద మచ్చ ఉండాల్సిన చోట బ్లేడు గీతలు, గీతల మీద గీతలు. పెట్టె మూసేసి బయటికొచ్చాడు. కానీ ఆమె బయటికి రాకుండా ఊరుకోలేదు. కౌంటరు దగ్గర నిలబడ్డ ఏ ఆడమనిషి తల తిప్పినా ఆ బుగ్గే కనిపించేది. తెరమీద ఎవరి ముఖం తెరిచినా, తుడవబోయే మచ్చ తనను గుర్తుపట్టినట్టు అనిపించేది. మనిషి లేని స్టూలు మీద లైటు వేసి చూసుకుంటూ, అక్కడ ఎవరో కూర్చుని ఉన్నదున్నట్టు తియ్యమంటున్నారని, బేరం వచ్చినా వినిపించుకోకుండా నిలబడేవాడు.

బావమరిదికి మందులషాపు ఉంది. అతనికి మాత్రం చెయ్యి చూపించాడు, అదీ చూపించీ చూపించనట్టు.

"శోభి బావా ఇది. చెమటకి వస్తుంది. ఊళ్లో సగంమందికుంది" అన్నాడు బావమరిది, మచ్చ వైపు పూర్తిగా చూడకుండానే.

"బొల్లి కాదంటావా?"

"బొల్లైతే సున్నంలా ఉంటుంది. ఇది మజ్జిగలా ఉంది. ఈ ఆయింట్‌మెంటు రాయి. అక్కకి చెప్పనా?"

"చెప్పావంటే నీ పెళ్లి ఫోటోలు టచప్ చెయ్యకముందు ఎలా ఉన్నాయో ఊరంతా చూస్తుంది."

ఆయింట్‌మెంటు పని చెయ్యలేదు. దురద లేదు, పొట్టు లేదు, మచ్చ మాత్రం అక్కడే ఉంది.

దాంతో ఆయన శాస్త్రీయ పద్ధతి చేపట్టాడు. వారం వారం చేతిని ఫోటో తీయడం, పక్కపక్కన పెట్టి పోల్చడం. ఒక వారం పెరిగినట్టుండేది, ఇంకో వారం తగ్గినట్టుండేది. పసుపు బల్బు కింద మచ్చే ఉండేది కాదు, ఫ్లాష్ వేస్తే సున్నం కొట్టినట్టుండేది. లైటు మార్చితే రోగం మారిపోతోందని, లైట్ల గురించి అంత తెలిసిన మనిషికి తట్టకపోవడం విచిత్రం. భయానికి లైటింగ్ తెలియదు.

ఈలోగా చిటికెన వేలు మొద్దుబారసాగింది. మౌస్ జారేది. వయసు అనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం భార్య టీ పట్టుకుని స్టూడియోకి వచ్చింది. ఆయన ఐడీ కార్డులు లామినేషన్ చేస్తూ, చొక్కా చెయ్యి పైకి మడిచి, ఏదో ఆలోచిస్తున్నాడు. మోచేతి కింది భాగం కాగుతున్న మిషను అంచుమీద ఆనించి ఉంది.

ఆమె గ్లాసు కిందపెట్టి, గబుక్కున చెయ్యి పట్టి లాగింది. చర్మం బొబ్బెక్కి ఉంది.

"కాలట్లేదా?"

"ఏంటి?"

"చెయ్యండీ. కాలుతున్నా తెలియట్లేదా?"

ఆయన బొబ్బను చూశాడు. అది సరిగ్గా మచ్చ మధ్యలో ఉంది. వేలితో నొక్కాడు. ఎవరి చేతినో నొక్కినట్టుంది.

"ఇదెప్పట్నుంచి?" అంది ఆమె. బొబ్బ గురించి కాదు.

"ఫోటోలున్నాయి" అన్నాడాయన.

చర్మవ్యాధుల డాక్టరమ్మ గదిలో ఆయన కవరు విప్పి ప్రింట్లన్నీ బల్లమీద పరిచాడు, కోర్టులో సాక్ష్యాలు పెట్టినంత గంభీరంగా. ఆమె వాటిని ఒక్కొక్కటీ చూసి, ఒకదాని దగ్గర ఆగింది.

"వీటిని ఎవరైనా దిద్దారా? అంచులన్నీ తుడిచేసినట్టున్నాయి."

"లేదండీ, ఉన్నదున్నట్టే..." అని ఆగిపోయాడు. ప్రింటు చేతిలోకి తీసుకున్నాడు. మచ్చ అంచు చుట్టుపక్కల చర్మంలోకి మెత్తగా, అందంగా కలిసిపోయి ఉంది. అది ఆయన పనితనమే. ఎప్పుడు చేశాడో ఆయనకే తెలియదు. ముప్ఫై ఏళ్లుగా దిద్దుతున్న చెయ్యి, యజమానిని అడక్కుండా, అలవాటు చొప్పున తుడిచేసింది.

"ఈయన పడుకున్నాక దుప్పటి కూడా దిద్దుతారండీ" అంది భార్య.

"దిద్దకపోయినా పెద్దగా తేడా ఉండదులెండి" అంది డాక్టరమ్మ. "పాలిపోయిన మచ్చలు ఫోటోలో చాలావరకు ఒకేలా ఉంటాయి. బొల్లి కావచ్చు, శోభి కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఫోటో చూస్తే అనుమానం వస్తుంది, అంతే. తేల్చాలంటే చెయ్యి కావాలి."

లైట్లార్పి ఒక ఊదారంగు దీపం పెట్టింది. బొల్లి అయితే ఈ వెలుతురులో తెల్లగా మెరుస్తుందని చెప్పింది. మెరవలేదు. బ్లేడు అంచుతో మచ్చ పైపొరను కాస్త గీకి గాజుపలక మీదికి రాల్చింది. ఆ గీకుడు చప్పుడు ఆయన చిన్నప్పట్నుంచీ విన్నదే. పలకమీద చుక్క మందు వేసి మైక్రోస్కోపులో చూసి, బూజు జాతిదేమీ కనిపించడం లేదంది. తర్వాత కళ్లు మూసుకోమంది.

"దూదితో తాకుతాను. తాకినచోట వేలు పెట్టి చూపించండి."

భుజం మీద తాకింది, చూపించాడు. మణికట్టు, చూపించాడు. తర్వాత ఎంతసేపు ఎదురుచూసినా ఆమె తాకలేదు.

"మొదలుపెట్టండి" అన్నాడు.

ఆయన కళ్లు తెరిచాడు. దూది మచ్చ మీదే ఉంది. భార్య కిటికీ వైపు తిరిగి నిలబడి ఉంది.

డాక్టరమ్మ మోచేతి వెనక నరం వేళ్లతో తడిమింది, రెండో చేతిది తడిమి పోల్చింది. లావెక్కిందంది. చిటికెన వేలి సంగతి ఆయన చెప్పకముందే అడిగింది. ఒళ్లంతా వెతికి ఇంకో చిన్న మచ్చ వీపుమీద చూపించింది. చర్మం చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది.

"ఇంట్లో ఇదివరకు ఎవరికైనా మచ్చలుండేవా?"

"మా మేనత్తకి. బొల్లి అనేవాళ్లు."

"ఏ డాక్టరు చెప్పారు?"

ఆయన ఆలోచించాడు. "ఎవరూ చూళ్లేదండీ. ఇంట్లోవాళ్లే అనేవాళ్లు."

"ఆవిడకి స్పర్శ ఉండేదా, లేదా?"

ఈ ప్రశ్న ఆమె బతికుండగా ఎవరూ వేయలేదు. ఫోటోలున్నాయా అని కూడా డాక్టరమ్మ అడిగింది. చాలా ఉన్నాయనీ, అయితే ఏ ఒక్కదానిలోనూ ఏమీ లేదనీ చెప్పాడు.

"అయితే ఇప్పుడు చెప్పలేం" అందామె.

రిపోర్టు వచ్చేదాకా ఆయన స్టూడియో తెరవలేదు. ఇంట్లో తన గ్లాసును తనే విడిగా పెట్టుకున్నాడు. భార్య అది చూసి, ఆ గ్లాసులోనే తను టీ తాగి కడిగిపెట్టింది. ఆయన నెగెటివ్‌ల పెట్టె తెప్పించుకుని, పగలంతా కిటికీ దగ్గర కూర్చుని ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూశాడు, గీకకుండా మిగిలిన చుక్క ఒక్కటైనా దొరుకుతుందేమోనని. తండ్రి మంచి పనివాడు. దొరకలేదు.

రిపోర్టులో ఉన్నది కుష్ఠు. ఆ మాట డాక్టరమ్మ మామూలు గొంతుతో, జలుబు అన్నట్టు అంది. ఆయనకు మాత్రం గదిలో ఖాళీగా ఉన్న మూడో కుర్చీలో ఎవరో సర్దుకుని కూర్చున్నట్టయింది.

"ఈ చెయ్యి..." అన్నాడు. "ఈ చేత్తోనే నా పని."

"తొందరగానే వచ్చారు. మాత్రలు ఆర్నెల్లు వాడాలి, మధ్యలో మానకూడదు. నరానికి విడిగా మందిస్తాను. స్పర్శ కొంత తిరిగి రావచ్చు, అంతా వస్తుందని మాటివ్వలేను. ఇక పాడవకుండా మాత్రం ఆపగలం. వేడి వస్తువుల దగ్గర కళ్లతో చూసి పని చెయ్యండి, చర్మాన్ని నమ్మకండి."

"నాకంటుతుందా?" అని భార్య అడగలేదు. ఆమె తరఫున ఆయనే అడిగాడు.

"మందు మొదలుపెడితే అంటించే భయం పోతుంది. ఒకింట్లో ఉంటారు కాబట్టి ఆవిణ్ణి కూడా ఒకసారి చూస్తాను. మంచాలూ గ్లాసులూ వేరు చెయ్యక్కర్లేదు."

"చూడండి మరి" అంటూ భార్య చెయ్యి చాపింది. చాపి, ఆయనతో అంది: "తర్వాత ఫోటో తీసి దిద్దకండి."

ఆమెకు ఏ మచ్చా లేదు. నెల మొదటి మోతాదు అక్కడే, నర్సు ముందు మింగాలన్నారు. ఆయన మాత్రలను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తాతలనాటి భయమంతా, గోడమీది నున్నటి ముఖాలన్నీ, తెల్లటి కనుపాపలన్నీ ఆ అరచేతిలోకి వచ్చి నిలబడినట్టుంది. నర్సు నీళ్లందించింది. మింగాడు.

మర్నాడు పొద్దున మూత్రం ఎర్రగా వచ్చింది. అది మందు రంగేనని నర్సు ముందే చెప్పింది.