నూట ఇరవై మాటల ముప్పై సెకన్లు

పగ పట్టడానికి కోపం చాలదు, ఓపిక కావాలి. ఆ పత్రికాఫీసులో అంత ఓపిక ఉన్నది గడియారమ్మకే.

అసలు పేరు అందరూ మరిచిపోయారు. పొద్దున్నే ఫోన్లలోకి వెళ్లే వార్తల సంగ్రహం ఆవిడ పని. జనం దాన్ని లిఫ్టులో నిలబడి చదువుతారు కనుక ఒక్కో వార్త ముప్పై సెకన్లలో అయిపోవాలి. చదివేవాడి తీరిక ముందు, మాటల లెక్క తర్వాత. బస్సు మీద బోర్డు రాసేవాడికి ఈ నీతి ఎవరూ చెప్పక్కర్లేదు. నేను తిరిగిన ఊళ్లలో వాళ్లంత పొదుపరి రచయితల్ని చూడలేదు. సరే, కథలోకొస్తాను.

కొత్త ఎడిటర్ ముప్పై సెకన్లకు నూట ఇరవై మాటలని ఇంగ్లీషు లెక్క పట్టుకొచ్చాడు. “వెళ్లకపోయినందువల్లనే” మనకు ఒక్క మాట, వాళ్లకు నాలుగైదు. మనం అరవై దాటకూడదని ఆవిడ చెప్పింది.

“మీకు చదవడం నిదానమేమోనమ్మా,” అన్నాడతను ఆ మొదటి మీటింగులో, అందరి ముందూ.

నవ్వారు. సాయంత్రానికల్లా ఆవిడ బల్ల శ్రద్ధాంజలి ప్రకటనల గదికి మారిపోయింది. ఇరవై రెండేళ్లు కూర్చున్న బల్ల.

పళ్లు నూరితే అరిగేవి మన పళ్లేనని చెల్లెలితో అని ఊరుకుంది. మూడు నెలలపాటు మధ్యాహ్నం విరామంలో స్టాప్‌వాచీ పట్టుకుని నలభై మందిచేత మౌనంగా సంగ్రహం చదివించింది. దాదాపు అందరికీ ఒక్కో వార్తకు నిమిషం అటూ ఇటూ పట్టింది. ఈలోగా ఊళ్లో కుళాయి నీళ్లు ఏ వేళకు ఆగుతాయో ఒక వార్త చివర్లో ఉండి ఎవరి కంటా పడక, ఊరంతా పత్రికను తిట్టింది. యజమానురాలు సమావేశం పెట్టింది. గడియారమ్మ తన లెక్కల కాగితాలు తీసుకెళ్లి, ఎడిటర్‌గారిని ఆనాటి వార్త ఒకటి అక్కడే చదవమని కోరింది.

అతను ముప్పై ఒకటో సెకనుకే, అయిపోయిందన్నట్టు కాగితం పక్కన పెట్టి దర్జాగా చెయ్యెత్తాడు.

“వంతెన ఏ రోజునుంచి మూస్తున్నారండీ?” అంది ఆవిడ.

అది చివరి వాక్యంలో ఉంది. అతను కాగితం మళ్లీ తీయబోయాడు.

“చూడకుండా చెప్పండి బాబూ. లిఫ్టు దిగిపోయారు.”

ఈసారి నవ్వు అటు తిరిగింది. జరిగిందంతా, నలభై మంది లెక్కలతో సహా, నివేదికగా రాసి సాయంత్రంలోగా పంపమని గడియారమ్మకు చెప్పింది యజమానురాలు.

అయిదింటికి అతను శ్రద్ధాంజలి గదికొచ్చాడు. ఆ మొదటి మీటింగు సంగతి నివేదికలో రాయొద్దని అడగడానికి.

“ముప్పై సెకన్లు. చెప్పండి,” అని స్టాప్‌వాచీ నొక్కింది.

“అంటే అమ్మా, నేనప్పుడు ఏ ఉద్దేశంతో అన్నానంటే, మన ఆఫీసు పరిస్థితుల దృష్ట్యా, మీ అనుభవం మీద నాకెంతో గౌరవం ఉన్నప్పటికీ...”

క్షమాపణ ఇంకా పొలిమేర దాటకముందే గడువు తీరింది. ఆవిడ నివేదికను ఉన్నదున్నట్టు పంపేసి, తన బల్లను పాత చోటికి చేర్చడానికి రెండో వైపు పట్టుకోమంది. పట్టుకున్నాడు.